ఫీల్డ్ నోట్సు నుంచి థిక్ డిస్క్రిప్షన్ దాకా: మెథడ్స్ కోర్సు అసైన్‌మెంట్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఎథ్నోగ్రఫీ అసైన్‌మెంట్ ఇచ్చిన రెండో వారానికల్లా ప్రతి సెమిస్టరులోనూ అవే సందేహాలు, దాదాపు అదే వరుసలో వస్తున్నాయి. అందుకే వాటిని పని సాగే దశలను బట్టి విడదీసి, విద్యార్థులు అడిగిన మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. అసైన్‌మెంట్ కోరేది ఇది: ఒకే స్థలానికి కనీసం నాలుగుసార్లు వెళ్ళి ఫీల్డ్ నోట్సు రాయాలి, వాటి ఆధారంగా సుమారు 1,500 పదాల థిక్ డిస్క్రిప్షన్ తయారు చేయాలి. ఉదాహరణలన్నీ హైదరాబాదు రైతు బజారులో కూరగాయలు తూచిన తరువాత వేసే కొసరుకు సంబంధించినవి. విద్యార్థుల అసలు నోట్సును బయటపెట్టడం తగదు కనుక ఈ దృశ్యాలను, మాటలను మాదిరి కోసం నేనే కూర్చాను. మీరు మాత్రం చూసినదే రాయాలి, విన్నదే రాయాలి.

## స్థలానికి వెళ్ళే ముందు

థిక్ డిస్క్రిప్షన్ అంటే బాగా వివరంగా, ఎక్కువ పేజీలు రాయడమే కదా?

కాదు. ఈ మాటను గిల్బర్ట్ రైల్ అనే తత్త్వవేత్త నుంచి తీసుకుని, 1973లో అచ్చయిన ఒక వ్యాసం ద్వారా మానవశాస్త్రంలో స్థిరపరచినవాడు క్లిఫర్డ్ గీర్ట్జ్. రైల్ చెప్పిన ఉదాహరణలో ఇద్దరు కుర్రాళ్ళ కుడికంటి రెప్పలు ఒకేలా మూసుకుని తెరుచుకుంటాయి. ఒకడికి కన్ను అదిరింది, ఇంకొకడు స్నేహితుడికి కన్ను కొట్టాడు. మూడోవాడు వచ్చి రెండోవాణ్ణి వెక్కిరిస్తూ కన్ను కొట్టవచ్చు, ఆ వెక్కిరింపు కోసం ఇంటి దగ్గర అద్దం ముందు సాధన చేసి కూడా ఉండవచ్చు. కెమెరాకు ఇవన్నీ ఒకటే కదలిక. రెప్ప ఎంత సేపు మూసుకుందో, ఎంత దూరం కదిలిందో పది పేజీలు రాసినా అది పల్చని వర్ణనే అవుతుంది. ఏది అదురు, ఏది సైగ, ఏది వెక్కిరింపు అన్నది అక్కడివారికి ఎలా తెలుస్తుందో రెండు పేరాల్లో చూపించగలిగితే అది సాంద్రమైన వర్ణన.

తెలుగువారికి ఈ ఉదాహరణలో మరో మెలిక ఉంది. కన్ను అదరడం కూడా మనకు శకునమే. మగవారికి కుడికన్ను, ఆడవారికి ఎడమకన్ను అదిరితే మంచిదంటారు. కనుక ఏ కదలికకు అర్థం ఉంది, దేనికి లేదు అని మనం ముందే తేల్చుకుని వెళ్ళడానికి వీల్లేదు. అక్కడివారు దాన్ని ఎలా లెక్కలోకి తీసుకుంటారో చూసిన తరువాతే చెప్పాలి.

నాకు రైతు బజారు మొత్తం రాయాలని ఉంది. టాపిక్ అంత పెద్దగా ఉంటే ఇబ్బందా?

ఇబ్బందే. రైతు బజార్లు 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. రైతులకు గుర్తింపు కార్డులు ఉంటాయి, రోజువారీ ధరలు బోర్డు మీద రాస్తారు. ఈ సంగతులు నేపథ్యానికి పనికొస్తాయి కాని, వీటి కోసం నాలుగుసార్లు బజారుకు వెళ్ళనవసరం లేదు. మీరు వెళ్ళేది కాగితాల్లో దొరకని దాని కోసం. కనుక ఒకే చోట మళ్ళీ మళ్ళీ జరిగేదీ, మొదలూ చివరా కంటికి కనిపించేదీ, జరిగిన ప్రతిసారీ కొంచెం తేడాగా జరిగేదీ అయిన ఒక చిన్న పనిని పట్టుకోండి. కొసరు అలాంటిది. కాటా మీద నుంచి కూరగాయలు సంచిలోకి పడిన క్షణానికీ, కొన్నవారు వెనుదిరిగిన క్షణానికీ మధ్య అది జరుగుతుంది లేదా జరగదు. ఒక ఉదయం కూర్చుంటే అటువంటి సందర్భాలు పదుల కొద్దీ కనిపిస్తాయి. అరుదుగా జరిగే పెద్ద సంఘటనను ఎంచుకుంటే పోల్చి చూడటానికి రెండోది దొరకదు.

బహిరంగ స్థలమే కదా, ఎవరినైనా అనుమతి అడగాలా?

అడగాలి. అక్కడ నిలబడి చూడటానికి అడ్డు చెప్పేవారు ఉండకపోవచ్చు. కాని ఒకే మనిషి పనిని నాలుగు ఉదయాలు గమనించి రాస్తున్నప్పుడు ఆ మనిషికి ఆ సంగతి తెలియాలి. రైతు బజారులో రెండు అంచెలు ఉంటాయి. ముందు బజారు నిర్వహణ చూసే ఎస్టేట్ ఆఫీసరుకు కోర్సు లేఖ చూపించండి, ఆ తరువాత అమ్మేవారితో విడిగా మాట్లాడండి. ఆఫీసరు వెంటబెట్టుకుని వచ్చి పరిచయం చేస్తానంటే మర్యాదగా వద్దనండి. ఆయన పక్కన నిలబడి మీరు అడిగితే అమ్మేవారు కాదనలేరు, పైగా ఆ రోజంతా మిమ్మల్ని తనిఖీకి వచ్చినవారిగానే చూస్తారు, కొలతలు ఆ ఒక్క రోజు మహా ఖచ్చితంగా ఉంటాయి. "మేం కాలేజీల చదువుకుంటున్నం, బేరం ఎట్ల నడుస్తదో చూసి రాసుకుంటం, మీ పేరు రాయం" అన్నంత సూటిగా చెబితే చాలు. సమ్మతి పత్రం మీద సంతకం ఎవరికి అవసరమో కోర్సు బోధకులను అడిగి తెలుసుకోండి.

## స్థలంలో ఉన్నప్పుడు

వాళ్ళ ముందే నోట్‌బుక్ తీసి రాయవచ్చా, దాచుకుని రాయాలా?

సంగతి చెప్పి అనుమతి తీసుకున్నారు కనుక దాచవలసిన పని లేదు. అయినా ప్రతి మాటకూ కలం కదిలిస్తుంటే ఎదుటివారు మాట్లాడటం మానేసి మీ కలం వైపు చూస్తారు. బేరం నడుస్తున్నప్పుడు చూడండి, గిరాకీ తగ్గిన రెండు నిమిషాల్లో పక్కకు వెళ్ళి నాలుగు మాటలు గీసుకోండి. ఫోన్‌లో టైప్ చేయడం ఎవరికీ వింతగా అనిపించదు కాని, దానికో నష్టం ఉంది. మీరు వాట్సాప్ చూసుకుంటున్నారనీ, ఇక్కడి సంగతి మీకు పట్టడం లేదనీ అనుకుంటారు. నేనైతే జేబులో పట్టే చిన్న పుస్తకాన్నే మెచ్చుతాను. ఒక్కోసారి అమ్మేవారే "ఏం రాసినవ్, సదువు" అంటారు. చదివి వినిపించడానికి మొహమాటపడే రాత ఆ పుస్తకంలో ఉండకూడదు.

అక్కడికక్కడ రాసుకునే గుర్తులు ఎలా ఉండాలి? ఒకటి చూపించండి.

ఆ గుర్తులు మీకు తప్ప ఇంకెవరికీ అర్థం కానక్కరలేదు. సాయంత్రం దృశ్యాన్ని మళ్ళీ కళ్ళ ముందుకు తెచ్చుకోవడానికి పనికొస్తే చాలు. మాదిరికి ఒకటి:

> 6.50. పెద్దాయన, టమాట కిలో. కాటా 1.020, తియ్యలే. సంచి తెరిచే పట్టుకున్నడు, మాట లేదు. కరివేపాకు, చూడకుండనే. "సాలా పెద్దయ్యా". 
> 7.05. హెల్మెట్ కుర్రాడు, ఫోన్ పేమెంట్, డబ్బా మోగింది, వెళ్ళాడు. చెయ్యి కరివేపాకు దాకా పోయి వెనక్కి. పక్కాయన నవ్వు. "నిలవడ్తె గద ఏసేది".

ఇందులో ఉన్నవి సమయం, అంకె, చేతి కదలిక, ఉన్నది ఉన్నట్టుగా ఒక మాట. "ఆప్యాయంగా ఇచ్చింది", "కుర్రాడికి పొగరు" వంటివి లేవు. ఆప్యాయత అని రాసుకుంటే సాయంత్రానికి మీ దగ్గర మిగిలేది మీ తీర్పు ఒక్కటే, దానికి కారణమైన కదలిక మరచిపోతారు. "చూడకుండనే" అని రాసుకున్నారు కనుక ఆ చెయ్యి ఎంత అలవాటుగా కరివేపాకు మీదకు వెళ్ళిందో గుర్తొస్తుంది.

మొత్తం ఆడియో రికార్డ్ చేసుకుంటే ఈ శ్రమంతా తప్పుతుంది కదా?

తప్పదు. పైన చూపిన రెండు సందర్భాల్లాంటివాటిలో అసలు విషయం మౌనంలో ఉంటుంది. పెద్దాయన సంచి మూయకుండా పట్టుకోవడం, అమ్మే ఆమె చెయ్యి సగం దూరం వెళ్ళి వెనక్కి రావడం రికార్డులో వినిపించవు. పైగా బజారులో నలుగురు ఒకేసారి అరుస్తుంటే ఆ గంట సేపటి ధ్వనిని రాతలోకి దింపడానికి ఒక రోజు పడుతుంది. అనుమతి ఇచ్చింది ఒకరే అయినా అందులో అందరి గొంతులూ పడతాయి. ఒకరితో విడిగా కూర్చుని మాట్లాడేటప్పుడు, వారు సరేనంటే రికార్డు చేసుకోండి.

రెండు గంటలు కూర్చున్నా ఏమీ జరగలేదు. ఏం రాయాలి?

ఏదో జరుగుతుందని మీరు ఎదురుచూశారు, అది జరగలేదు. ముందు ఆ ఎదురుచూపు ఏమిటో రాయండి. తరువాత ఒకే పనిని లెక్కపెట్టడం మొదలుపెట్టండి: తూచిన ప్రతిసారీ కొసరు పడిందా లేదా, అడిగారా లేదా, ఏం వేశారు. ఇరవై సార్లు గుర్తులు పెట్టేసరికి, పడని సందర్భాలు ఏవో కంటికి కనిపించడం మొదలవుతుంది. ఒక పనిని అర్థం చేసుకోవడానికి అది జరగని చోటు కూడా చూడాలి.

## ఇంటికి వచ్చిన తరువాత

పూర్తి నోట్సు ఎప్పటిలోగా రాయాలి? ఆదివారం కూర్చుని అన్నీ ఒకేసారి రాయవచ్చా?

ఆ రోజే, నిద్రపోయే ముందే రాయాలి. రాసేదాకా ఆ దృశ్యం గురించి రూమ్మేటుకు గాని, ఫోనులో అమ్మకు గాని చెప్పవద్దు. ఒకసారి కథగా చెప్పేశాక మీకు గుర్తుండేది మీరు చెప్పిన కథే అవుతుంది. గంట సేపు చూసినదాన్ని పూర్తిగా రాయడానికి రెండు, మూడు గంటలు పడుతుంది. కనుక అంత సమయం లేని రోజున అసలు వెళ్ళకండి, లేదా నలభై నిమిషాలు చూసి వచ్చేయండి.

విద్యార్థి దశలో నేను నాలుగు రోజుల గుర్తులను దాచిపెట్టి ఒకే రాత్రి రాశాను. చదివిన వెంటనే మా బోధకులు పట్టుకున్నారు. నా నోట్సులో నలుగురు మనుషులూ ఒకే యాసలో, ఒకే పొడవున్న వాక్యాల్లో మాట్లాడుతున్నారు. ఆలస్యంగా రాసిన నోట్సును గుర్తుపట్టే పద్ధతి ఇప్పటికీ నాకు అదే.

గుర్తుల నుంచి పూర్తి నోట్సు తయారైతే ఎలా ఉంటుంది?

రైతు బజారులో హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడికి కొసరు పడని సందర్భాన్ని తీసుకుందాం. గుర్తుల్లో అది రెండు పంక్తులు. ఆ సాయంత్రం అది ఇలా పెరుగుతుంది:

> 7.05 గం. అమ్మే ఆమె, అంటే అ1, గోనెసంచి మీద కూర్చుని ఉంది. ఎలక్ట్రానిక్ కాటా ఆమె కుడి మోకాలి పక్కన, అంకెలు కొనేవారికి కనిపించేలా ఉంది. కరివేపాకు కట్ట తడి గుడ్డ మీద, కాటాకు ఎడమ పక్కన. పాతికేళ్ళుండవచ్చు అనిపించిన కుర్రాడు హెల్మెట్ తీయకుండానే బెండకాయలు అర కిలో అడిగాడు, ధర అడగలేదు. ఆమె తూచి అతని సంచిలో వేసింది. అతను స్కానర్ వైపు ఫోన్ పెట్టాడు. పేమెంట్ డబ్బా మోగేలోపే సంచి ముడి వేశాడు. ఆమె ఎడమ చెయ్యి కరివేపాకు కట్ట మీదకు వెళ్ళింది, రెండు రెబ్బలు వేళ్ళకు అందాయి. అతను అప్పటికి మూడడుగులు వేశాడు. ఆమె రెబ్బలను తిరిగి కట్ట మీద పెట్టింది. పక్క దుకాణం ఆయన (అ2) నవ్వాడు. ఆమె నా వైపు కాదు, అ2 వైపు తిరిగి "నిలవడ్తె గద ఏసేది" అంది. అ2 ఏమన్నాడో వినపడలేదు.

చివరి వాక్యాన్ని గమనించండి. వినపడనిది వినపడలేదనే రాయాలి. ఆ మాట ఎవరితో అన్నదో కూడా రాయడం ముఖ్యం. మీరు అడిగితే మీకోసం చెప్పిన వివరణకూ, తోటి వ్యాపారితో తనకు తానుగా అన్న మాటకూ ఆధారంగా ఒకే బరువు ఉండదు.

మాటలు పూర్తిగా గుర్తులేవు. కొటేషన్లలో పెట్టవచ్చా?

మూడు రకాల గుర్తులు పెట్టుకోండి. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్న మాటను జంట కొటేషన్లలో, దాదాపు ఇదే అని నమ్మకం ఉన్నదాన్ని ఒంటి కొటేషన్లలో పెట్టండి. భావం మాత్రమే గుర్తున్నదాన్ని కొటేషన్ లేకుండా రాయండి. ఆఖరి వర్ణనలో జంట కొటేషన్లు ఉన్న మాటలకు మాత్రమే మీరు పదం పదంగా అర్థం చెప్పవచ్చు.

వాళ్ళ యాసను అలాగే రాయాలా, శుద్ధమైన తెలుగులోకి మార్చాలా? నోట్సు ఇంగ్లీషులో రాస్తే ఏమవుతుంది?

నోట్సులో విన్నది విన్నట్టే రాయండి. "నిలవడ్తె గద ఏసేది" అన్న మాటను "నిలబడితేనే కదా వేసేది" అని దిద్దితే భావం పెద్దగా పోదు కాని, మాట్లాడిన మనిషి పోతుంది. ఇంగ్లీషులో రాస్తే భావమే పోతుంది. కొసరు అన్న చోట "ఫ్రీగా కరివేపాకు ఇచ్చింది" అనే అర్థం వచ్చే వాక్యం రాసిన నోట్సులను నేను చాలా చూశాను. ఉచితంగా ఇచ్చేది వేరు, కొసరు వేరు. కొసరుకు ముందు ఒక అసలు ఉండాలి, కొనకుండా వచ్చి కొసరు అడిగేవారు ఉండరు. భోజనాల దగ్గర కొసరి కొసరి వడ్డించడం అన్నప్పుడు వినిపించేదీ ఈ మాటే. ఈ బంధుత్వమంతా ఆ ఒక్క ఇంగ్లీషు పదంలో తెగిపోతుంది. వ్యాఖ్యానం ఏ భాషలో రాసినా, స్థలంలోని పదాలను స్థలంలోని భాషలోనే ఉంచండి.

అయితే ఒక జాగ్రత్త అవసరం. అమ్మే ఆమె మాటను మాత్రమే యాసలో రాసి, అదే యాసలో మాట్లాడిన కాలేజీ కుర్రాడి మాటను పుస్తక భాషలోకి మార్చితే, ఎవరు చదువుకున్నవారో మీరే తీర్పు ఇచ్చినట్టవుతుంది. అందరికీ ఒకటే పద్ధతి పాటించండి.

నా అభిప్రాయాలు, కోపం, విసుగు ఎక్కడ రాయాలి?

నోట్సులోనే, కాని విడిగా రాయాలి. పేజీని నిలువు గీతతో విడదీసి కుడివైపు పెట్టేవారు ఉన్నారు, పెద్ద బ్రాకెట్లలో పెట్టేవారు ఉన్నారు. ఏదైనా ఒకటే పద్ధతి చివరిదాకా ఉండాలి. "కుర్రాడి మీద నాకు చిరాకు కలిగింది, నేను కూడా ఇలాగే కొంటానని తరువాత గుర్తొచ్చింది" వంటి వాక్యం పనికిరానిదేమీ కాదు. మీరు ఎవరి వైపు నుంచి చూస్తున్నారో అది చెబుతుంది. అది వర్ణన మధ్యలోకి జారి "పొగరుగా వెళ్ళిపోయాడు" అయినప్పుడే ప్రమాదం.

## నోట్సు నుంచి వర్ణనకు

నా దగ్గర నలభై పేజీల నోట్సు ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకే రోజు, ఏమీ దిద్దకుండా చదవండి. చదువుతూ, పైకి ఒకేలా కనిపించే పనిని అక్కడివారే రెండు రకాలుగా లెక్కించిన చోట గుర్తు పెట్టండి. రైతు బజారు మాదిరిలో అలాంటి చోటు మూడో రోజు మధ్యాహ్నం వస్తుంది. దుకాణం కట్టేసే వేళ అమ్మే ఆమె వాడిపోయిన కొత్తిమీర కట్టలను వచ్చినవారందరి సంచుల్లోనూ వేస్తుంటుంది. ఒకామె "ఇంత కొసరా!" అని సంబరపడితే, "గిది కొసరు గాదమ్మా, పారబోసేదే, పట్కపో" అంటుంది. ఉదయం కరివేపాకు వేసిన చేతి కదలికకూ దీనికీ తేడా లేదు, పైగా ఇప్పుడు వేసినదే ఎక్కువ. అయినా ఆమె లెక్కలో ఒకటి కొసరు, ఇంకొకటి కాదు. కన్ను అదరడానికీ కన్ను కొట్టడానికీ ఉన్న తేడా లాంటిదాన్ని ఆమే గీత గీసి చూపించింది. మీ వ్యాసం అక్కడి నుంచి మొదలు కావాలి.

ఒక పనికి నాలుగు అర్థాలు తోస్తున్నాయి. ఏది సరైనదో ఎలా తేల్చాలి?

ప్రతి అర్థానికీ, అది నిజమైతే నోట్సులో ఏం కనిపించాలో ముందు రాసుకోండి. తరువాత అది కనిపించని సందర్భాన్ని పనిగట్టుకుని వెతకండి. కొసరు విషయంలో విద్యార్థులకు మొదట తోచేది తూకంలో తరుగును పూడ్చడం. పాత రోజుల గురించి అమ్మే ఆమె కూడా అదే చెబుతుంది: "తరాజు ఉన్నప్పుడు కొసరెయ్యకుంటె మంది ఊకుంటుండెనా?" కాని ఇప్పుడు కాటా అంకె అందరికీ కనిపిస్తోంది. ఒకామె కొసరు అడిగితే "కాటా సక్కంగనే సూపిస్తున్నది గదమ్మా, ఇంక కొసరెందుకు" అంటూనే రెండు పచ్చిమిరపకాయలు వేసింది. కారణం పోయినా పని మిగిలింది కనుక తరుగు ఒక్కటే వివరణ కాజాలదు.

రెండోది, తెలిసినవారికి వేస్తుందన్న ఊహ. పెద్దాయన సందర్భం దానికి సరిగ్గా సరిపోతుంది. అయితే నాలుగో రోజు, అంతకుముందు ఎన్నడూ చూడలేదని ఆమే చెప్పిన ఒకామె తూకం అయ్యాక సంచి మూయకుండా నిలబడింది, ఆమెకూ కరివేపాకు పడింది. ఈ ఒక్క సందర్భంతో తెలిసినతనం అన్న వివరణ నిలవడం లేదు. పెద్దాయనకూ, ఆ కొత్తామెకూ, అడిగి తీసుకున్నామెకూ ఉమ్మడిగా ఉన్నది తూకం ముగిశాక నిలబడటం. హెల్మెట్ కుర్రాడిలో లేనిది అదే. "నిలవడ్తె గద ఏసేది" అన్న మాట అప్పుడు బరువెక్కుతుంది. డబ్బు, సరుకు చేతులు మారాక కూడా బేరం ఇంకా ముగియలేదని ఇద్దరూ ఒప్పుకునే ఆ కొద్ది క్షణాల్లోనే కొసరుకు చోటు ఉంది.

దీనికి ఎదురు నిలిచే సందర్భం మీ నోట్సులో ఉంటే దాన్ని దాచకండి. నిలబడినా పడనివారు ఇద్దరున్నారనుకుందాం. కరివేపాకు అయిపోయిందా, వరుసలో వెనుక జనం తోసుకొస్తున్నారా అని చూడండి. ఏ కారణమూ దొరకకపోతే దొరకలేదనే రాయండి.

చివరికి ఆ పేరా ఎలా ఉండాలి? మాదిరి ఇవ్వండి.

రైతు బజారులో కొసరు వేసే మహిళకు వ్యాసంలో యాదమ్మ అని మారుపేరు పెట్టి రాసిన పేరా ఇది:

> పెద్దాయన సంచి తెరిచే పట్టుకున్నాడు. టమాటాలు అందులో పడ్డాయి, నోట్లు యాదమ్మ మోకాలి కిందకు చేరాయి, అయినా ఆయన కదలలేదు, అడగనూ లేదు. ఆమె అప్పటికే తరువాతి మనిషితో మాట్లాడుతోంది. ఆమె ఎడమ చెయ్యి మాత్రం అటు చూడకుండానే రెండు కరివేపాకు రెబ్బలను తీసి తెరిచిన సంచిలో వేసింది. "సాలా పెద్దయ్యా?" "సాలు బిడ్డా." పావుగంట తరువాత అదే చెయ్యి అదే కట్ట దాకా వెళ్ళి ఆగిపోయింది, ఎందుకంటే ఈసారి సంచి ముడి పడింది, మనిషి వెళ్ళిపోయాడు. "నిలవడ్తె గద ఏసేది" అని ఆమె పక్క దుకాణం ఆయనతో అన్నప్పుడు అందులో నిష్ఠూరం కంటే నియమం ఎక్కువ వినిపించింది. కాటా అంకెతో లెక్క ముగుస్తుంది. నిలబడినవారికి ఆ లెక్క తరువాత ఇంకొక మాటకు వీలుంటుంది.

విశేషణాలు దాదాపు లేవు, కదలికలు వరుసలో ఉన్నాయి, వ్యాఖ్యానం చివరి మూడు వాక్యాల్లోనే ఉంది. "నియమం ఎక్కువ వినిపించింది" అన్నది రచయిత చేసిన వ్యాఖ్య. పాఠకులు దాన్ని కాదనడానికి కావలసిన ఆధారం కూడా అదే పేరాలో ఉంది. "ఉదయభానుడి లేలేత కిరణాల్లో కిటకిటలాడే బజారు" అని మొదలయ్యే వ్యాసాలు ప్రతి ఏడూ నా చేతికి వస్తాయి. బడిలో వ్యాసరచన పోటీల నుంచి వచ్చిన అలవాటు అది. అలాంటి వాక్యం ఏ ఊరి ఏ బజారుకైనా సరిపోతుంది కనుక కొట్టివేయండి.

వ్యాసంలో "నేను" అని రాయవచ్చా?

మీరు ఉండటం వల్ల జరిగింది మారినప్పుడు రాయాలి. గీర్ట్జ్ బాలిలో కోడిపందేల గురించి రాసినప్పుడు 1958లో తానూ భార్యా ఒక పందెం చూస్తుండగా పోలీసులు దాడి చేయడంతో మొదలుపెట్టాడు. ఊరివారితో పాటు వారిద్దరూ పరుగెత్తి ఎవరి ఇంటి ఆవరణలోనో దూరారు. అంతదాకా వారిని పట్టించుకోని ఊరు ఆ తరువాత దగ్గరకు రానిచ్చింది. అక్కడ "నేను" ఉన్నది తనకు సమాచారం ఎలా దొరికిందో చెప్పడానికే. మీరు ఎండకు అలసిపోయారనో, ఆటో దొరకలేదనో చెప్పే "నేను" మాత్రం అనవసరం.

కులం, ఆదాయం తెలిసిపోతూనే ఉంటాయి కదా, రాసేయవచ్చా?

చూపుకు తెలిసిపోయిందని మీకనిపించినదంతా ఊహే. "పేద బీసీ మహిళ" అని రాసే ముందు, ఆ రెండు మాటలూ మీకు ఎవరు చెప్పారో మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. ఎవరూ చెప్పకపోతే, మిమ్మల్ని అలా అనుకునేలా చేసినది ఏమిటో రాయండి: చీర, పిలుపు, కూర్చున్న చోటు. ఎవరు ఎవరిని అక్కా అన్నారు, అమ్మా అన్నారు, ఎవరితో ఏ పిలుపూ లేకుండా మాట్లాడారు అన్నది కులం గురించి మీ ఊహ కంటే ఎక్కువ చెప్పగలదు. తనకు తానుగా చెబితే, అది వ్యాసంలో అవసరమైతే, చెప్పిన సందర్భంతో సహా రాయండి.

## సమర్పించే ముందు

నాలుగు రోజులు చూసినదాన్ని బట్టి "తెలుగు సంస్కృతిలో" అని రాయవచ్చా?

రాయకూడదు. మీరు చూసింది ఒక బజారులో ఒక వరుస, కొన్ని ఉదయాలు. "యాదమ్మ దుకాణం దగ్గర" అని మొదలయ్యే వాక్యం మీ నోట్సు మీద నిలుస్తుంది. గుంటూరులోనో వరంగల్‌లోనో కొసరు ఎలా ఉందో మీ నోట్సుకు తెలియదు.

పేరు మారిస్తే సరిపోతుందా?

ఒక్కోసారి సరిపోదు. ఎడమ వరుసలో మూడో దుకాణం, ఫలానా ఊరి నుంచి వచ్చే మహిళ అని రాస్తే ఆ బజారుకు వెళ్ళేవారందరికీ ఎవరో తెలిసిపోతుంది. బజారు పేరు, దుకాణం స్థానం, సొంత ఊరు తీసేయండి. వాదనకు అవసరం లేనివాటిని మార్చవచ్చు, కాని వాదన ఏ వివరం మీద నిలబడిందో దాన్ని మార్చకూడదు. తూకంలో మోసం వంటిది మీ కంటబడి, అది బయటపడితే ఆమె గుర్తింపు కార్డుకే ముప్పు అనిపిస్తే, ఆ దృశ్యాన్ని వదిలేయండి. మార్కులు పోవు.

నోట్సు కూడా జతచేయాలా? పోగొట్టుకుంటే?

ఒక రోజు పూర్తి నోట్సు, పేర్లు తీసేసి, జతచేయాలి. వర్ణనలోని కదలికలు అందులో ఉన్నాయా లేదా అని చూస్తాం. ఇక పోవడం గురించి: సామాజిక మానవశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతపు పల్లె మీద ఏళ్ళ తరబడి తయారుచేసుకున్న నోట్సు ప్రతులు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన పనిచేస్తున్న చోట జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆ తరువాత ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాశారు. ఆయన ఆ పల్లెలో నెలల తరబడి ఉన్నవారు, మీరు నాలుగు ఉదయాలు వెళ్ళినవారు. రాసిన రోజే పేజీలను ఫోటో తీసి, పాస్‌వర్డ్ ఉన్న చోట దాచండి.

రాసినదాన్ని వాళ్ళకు చూపించాలా?

వీలైతే సమర్పించే ముందే, గిరాకీ లేని వేళ వెళ్ళి, ఒక పేరా చదివి వినిపించండి. వారు కాదన్నంత మాత్రాన మీ వ్యాఖ్యను మార్చుకోవలసిన పని లేదు, ఔనన్నంత మాత్రాన అది నిజమైపోదు. కాని "గట్ల గాదు, నేను అట్లెప్పుడన్న?" అంటే ఆ కొటేషన్‌ను నోట్సుతో సరిచూసుకోవాలి. వారు అప్పుడు చెప్పే మాట ఐదో రోజు నోట్సు అవుతుంది. తారీఖు వేసి, మీరు చదివి వినిపించాక అన్న మాట అని గుర్తుపెట్టి రాసుకోండి.